మూడు స్వాహిలి మాటలు

కొంతకాలం క్రిందట ఒక శ్రోత మాకు దీర్ఘమైన ఉత్తరం వ్రాసినారు. వారి కుమారుడు టాంజానియా దేశంలోని దార్ ఎస్ సలామ్ నగరానికి వెళ్లి, ఒక గిడ్డంగిలో లెక్కలు చూచే ఉద్యోగంలో చేరినాడు. చేరిన మూడవ వారంలో ఒక ఉదయం, తడిసియున్న మెట్లమీద కాలుజారి పడినాడు. కొంత దూరంలో కూర్చున్న వృద్ధుడైన కాపలాదారు లేచి, “పోలె! పోలె సాన!” అన్నాడు. కుర్రవాని వద్దనున్న చిన్న పదకోశంలో “పోలె” అనే మాటకు “క్షమించండి” అని అర్థం వ్రాసియున్నది. మెట్లమీద నీళ్లు ఒలకబోసినవాడు ఈ ముసలివాడేననీ, అందుకే తప్పు ఒప్పుకొంటున్నాడనీ అతడు నిశ్చయించుకొన్నాడు. ఆ సంగతే పై అధికారితో చెప్పినాడు. అధికారి కాపలాదారును పిలిపించి అడిగితే ఆ వృద్ధుడు నిర్ఘాంతపోయినాడు. పడినవానిని చూచి ఒక మంచిమాట అన్నందుకు తనమీద నేరం ఎందుకు వచ్చినదో అతనికి బోధపడలేదు.

అదే వారంలో మరియొకటి జరిగినది. ఈ కుర్రవాని చేయి తగిలి తేనీరు ఒలికి, ప్రక్కబల్ల దగ్గర పనిచేసే స్త్రీ కాగితాలు తడిసినవి. అతడు తనకు తెలిసిన మాటనే ఉపయోగించి, “పోలె” అన్నాడు. ఆమె ఒకసారి అతనివైపు చూచి, కాగితాలు తుడుచుకొని, ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.

“తప్పు చేయనివాడు అంటే తప్పు ఒప్పుకొన్నట్లయి, తప్పు చేసినవాడు అంటే ఒప్పుకోనట్లయ్యే ఈ మాట ఎటువంటిది?” అని ఆ తండ్రిగారి ప్రశ్న. ఈ ప్రసంగం దానికి సమాధానంగా చేయబడినది. “పోలె” ఒక్కటే చెబితే చాలదు. దానితో జంటగా నడిచే “సఫారి”, “కరీబు” అనే మాటలు కూడ కలిపి చూచినప్పుడే దాని స్వభావం తెలుస్తుంది.

ముందుగా ఉచ్చారణను గురించి ఒక్కమాట. స్వాహిలి బంటు కుటుంబానికి చెందిన భాష. తూర్పు ఆఫ్రికా తీరంలో అరబ్బు వర్తకులతో శతాబ్దాల సంబంధం వలన అరబీ పదాలు దానిలో విస్తారంగా చేరినవి. భాష పేరుకే “తీరములు” అని అర్థమిచ్చే అరబీ శబ్దం మూలం. మన తెలుగువలెనే స్వాహిలి మాటలు కూడ అచ్చులతోనే ముగుస్తాయి. ఊనిక ఎప్పుడును చివరినుండి రెండవ అక్షరంమీద పడి, అది కొంచెం దీర్ఘంగా వినవస్తుంది. అందువలననే మేము పోలె, సఫారి, కరీబు అని వ్రాస్తున్నాము. పలువురిని ఉద్దేశించినప్పుడు చివర “ని” చేరుతుంది. అప్పుడు ఊనిక కూడ ఒక అడుగు ముందుకు జరిగి పొలేని, కరిబూని అవుతాయి.

ఇక “పోలె” సంగతి. ఈ మాట అరబీనుండి వచ్చినది కాదు, అచ్చమైన బంటు పదం. “కుపోఅ” అనే క్రియతో దీనికి చుట్టరికం. కుపోఅ అంటే చల్లబడుట. పొయ్యిమీదనుండి దించిన అన్నం చల్లారినా, జ్వరపడిన ఒళ్లు చల్లబడినా, కోపం చల్లారినా ఆ క్రియనే వాడతారు. నెమ్మదైన మనిషిని “మ్పోలె” అంటారు. నెమ్మదితనం “ఉపోలె”. తొందర లేకుండ మెల్లగా అనుటకు ఆ మాటనే రెండుమార్లు పలికి “పొలెపోలె” అంటారు. కిలిమంజారో పర్వతం ఎక్కేవారికి మార్గదర్శకులు అడుగడుగునా చెప్పేది ఈ మాటే. పైకి పోయినకొద్దీ గాలి పలుచబడుతుంది గనుక అక్కడ తొందరపడినవాడు కూలబడతాడు.

కనుక ఎదుటివానితో “పోలె” అంటే, నీకు కలిగిన వేడి చల్లారుగాక, నీ శ్రమ నెమ్మదించుగాక అన్న భావం. ఇది తెలుగువానికి కొత్త భావం కాదు. “చల్లగా ఉండు నాయనా” అని దీవించే మన ముసలమ్మకు ఈ మాట పదకోశం చూడకుండనే అర్థమవుతుంది. మనకు చల్లదనం దీవెనలో ఉన్నది, వారికి పరామర్శలో ఉన్నది. అంతే భేదం.

“పోలె” అన్నవానికి ఇచ్చే జవాబు విన్నప్పుడు ఈ మూలార్థం మరింత స్పష్టమవుతుంది. “అసాంతె”, అనగా కృతజ్ఞుడను అని ఊరుకొనవచ్చును. కాని టాంజానియాలో తరచుగా వినబడే జవాబు “నిమెషపోఅ” అన్నది. “నేను ఇప్పటికే చల్లబడితిని” అని దాని అక్షరార్థం. నొప్పి తగ్గినదో లేదో, దుఃఖం తీరినదో లేదో ఆ జవాబు చెప్పదు. నీ మాట నన్ను చేరినది, దానితో నాకు ఊరట కలిగినది అని మాత్రం చెబుతుంది. క్షమాపణ అయితే “ఫరవాలేదు” అనో “క్షమించితిని” అనో జవాబు రావలెను. “చల్లబడితిని” అన్న జవాబు క్షమాపణకు అతకదు.

ఈ మాట ఎంతెంత చిన్న సందర్భాలలో వస్తుందో చూడండి. దారిన పోయేవాడు రాయి తగిలి తూలితే, వాని ముఖమైనా ఎరుగనివారు “పోలె” అంటారు. తుమ్మినవానితో, తలనొప్పి అన్నవానితో, బస్సు తప్పిపోయినవానితో “పోలె”. ఇంకొక వాడుక మనవారిని మరింత ఆశ్చర్యపరుస్తుంది. ఏ కష్టమూ రాకపోయినా, పనిలో నిమగ్నమైయున్న వానిని చూచి “పోలె న కాజి” అంటారు. కాజి అంటే పని. “నీ పనికి పోలె” అన్నమాట. పొలం త్రవ్వేవానితోను, బల్లముందు కూర్చుని కాగితాలు వ్రాసుకొనేవానితోను ప్రక్కగా పోయేవారు ఈ మాట అనిపోతారు. అందులో జాలి లేదు, పని చెడ్డదన్న భావం అంతకంటె లేదు. నీవు శ్రమపడుతున్నావు, అది నేను చూచినాను అనుటయే అందులోని అర్థం.

ఇప్పుడు గిడ్డంగిలో జరిగినది తేటపడుతుంది. కాపలాదారు చూచినది ఒక మనిషి పడుట. నీళ్లు ఎవరు పోసినారన్న విచారణకు ఆ మాటలో తావే లేదు. తప్పు ఎవరిదైనా, ఎవరిదీ కాకపోయినా, చూచినవాడు “పోలె” అనవలెను. అనకుండ ఊరుకొంటేనే మోటుతనం.

మరి తేనీరు ఒలకబోసినప్పుడు కావలసినదేమి? అచ్చట కావలసిన మాట “సమహాని”. ఇది అరబీలోని క్షమార్థకమైన ధాతువునుండి వచ్చినది. తప్పు నాది అని ఒప్పుకొనేటప్పుడు ముందు ఇది రావలెను. తప్పు పెద్దదైతే “నిసమేహె”, అనగా నన్ను క్షమించుము అంటారు. ఆ తరువాత “పోలె” కూడ చేర్చవచ్చును. నేను చేసిన తప్పుకు మొదటి మాట, దానివలన నీకు కలిగిన ఇబ్బందికి రెండవ మాట. మొదటిది విడిచి రెండవది మాత్రమే అంటే, ఇతరుడెవరో చేసిన పనికి తాను ప్రక్కన నిలిచి సానుభూతి చూపినట్లవుతుంది. ఆ స్త్రీకి వినబడినది అదే. “అయ్యో, నీ కాగితాలు తడిసినవే” అని, తడిపినవాడే అన్నట్లున్నది. నైరోబీ వంటి నగరాలలో చిన్న పొరపాటుకు “పోలె” అని సరిపెట్టుకొనుట వినబడుతుంది. అయినా కొత్తవాడు ఆ వాడుకను నమ్ముకొనుటకంటె “సమహాని” నేర్చుకొనుట మంచిది.

పదకోశం చేసిన పొరపాటు ఎక్కడిదో కూడ ఊహించవచ్చును. ఇంగ్లీషులో “సారీ” అనే మాట క్షమాపణకూ, సానుభూతికీ రెండింటికీ చెల్లుతుంది. “పోలె”కు ఎదురుగా “సారీ” అని వ్రాసియుండిన దానిని మరియొకరు మన భాషలోనికి మార్చి, రెండర్థాలలో మొదటిదే తీసుకొని “క్షమించండి” అని వ్రాసినారు. తూర్పు ఆఫ్రికాలో ఇంగ్లీషు మాటలాడేవారు తమ “సారీ”ని కూడ “పోలె” వలెనే వాడతారు. మీరు కాలు జారితే దూరాననున్నవారు “సారీ” అంటారు. దానిని విని నేరం అంగీకరించినారని అనుకొనరాదు.

ఈ మాట బరువంతా తెలిసేది మరణం సంభవించిన ఇంట. మరణదుఃఖాన్ని “మ్సీబ” అంటారు. ఉర్దూలోని ముసీబత్తు, ఇదీ ఒకే అరబీ మూలంనుండి వచ్చినవి. పొరుగువారు, తోటి ఉద్యోగులు ఆ ఇంటికి వెళ్లి, “పోలె న మ్సీబ” అంటారు. ఇంటివారు పలువురుంటే “పొలేని” అంటారు. అని, చాపమీదనో బల్లమీదనో కూర్చుంటారు. చనిపోయినవారి గుణగణాలు వర్ణించవలసిన పని లేదు, వేదాంతం చెప్పవలసిన పని లేదు. ఆ ఒక్కమాట అని, అక్కడ కొంతసేపు కూర్చుండుటే పరామర్శ. “రంబిరాంబి” అనే పేరుతో తోచినంత సొమ్ము కూడ ఇంటివారి చేతికి అందుతుంది. చెమర్చిన కళ్లతోనే ఇంటివారు “తుమెషపోఅ”, మేము చల్లబడితిమి, అని జవాబిస్తారు. కాలుజారినవానితో అన్న మాటయే తల్లిని పోగొట్టుకొన్నవానితోను అనుట మనకు వింతగా తోచవచ్చును. స్వరం, కూర్చున్న కాలం, పట్టుకొన్న చేయి ఆ బరువును తెలుపుతాయి. మాట మారనక్కరలేదు.

రెండవ మాట “సఫారి” మనకు బాగుగా పరిచితమైనదే. అందువలననే దానిని అపార్థం చేసుకొనుట సులభం. హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలలో సింహాల సఫారి ఉన్నది. ఒకప్పుడు ఉద్యోగస్థులు ముచ్చటపడి కుట్టించుకొన్న సఫారి సూటు ఉన్నది. కనుక సఫారి అనగానే అడవి, జీపుబండి, దుర్భిణి మన మనస్సుకు వస్తాయి. ఈ అర్థం స్వాహిలివారు పెట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఆఫ్రికా లోతట్టు ప్రాంతాలకు పోయిన ఇంగ్లీషు యాత్రికులు ఆ మాటను తమ భాషలోనికి తీసుకొనిపోయినారు. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టు తూర్పు ఆఫ్రికాలో చేసిన వేటయాత్ర దానికి ప్రపంచమంతట ప్రచారం తెచ్చినది. వేట పోయి ఛాయాచిత్రాలు తీయుట వచ్చినా మాట నిలిచిపోయినది.

స్వాహిలిలో మాత్రం సఫారి అంటే ప్రయాణం. అరబీ “సఫర్” దీనికి మూలం. “ముసాఫిర్ఖానా” అనే మాట ఎరిగిన హైదరాబాదు శ్రోతలకు “మ్సఫీరి” అంటే ప్రయాణికుడని చెప్పనక్కరలేదు. బస్సెక్కి పుట్టింటికి పోవుట సఫారియే. వ్యాపారంపని మీద పోవుట సఫారియే. ఇంటి యజమాని “సఫరీని” ఉన్నాడని భార్య అంటే ఊరిలో లేడని అర్థం. సింహాల వేటకు పోయినాడని కాదు. బయలుదేరేవానితో “సఫారి న్జేమ”, శుభప్రయాణం, అంటారు.

ఈ మాటకు మరియొక చక్కని ఛాయ ఉన్నది. “సఫారి హీ” అంటే “ఈ ప్రయాణం” అని అక్షరార్థమైనా, వాడుకలో “ఈసారి” అని అర్థం. పోయినయేడు పంట పోయినది, “సఫారి హీ” వానలు బాగున్నవి అని రైతు అంటే, అతడు ఎక్కడికీ కదలలేదు. ఒక పర్యాయం, ఒక తడవ అన్న అర్థం ప్రయాణమనే మాటకు పట్టినది. పదకోశం ముందు పెట్టుకొని మాటకు మాట సరిపోల్చేవాడు ఇక్కడ తప్పక దారితప్పుతాడు.

“పోలె”, “సఫారి” రెండూ కలిసి ఒక వాక్యమవుతాయి. ఊరినుండి వచ్చినవానితో “పోలె న సఫారి” అంటారు. ప్రయాణంలో ఏమి ఆపద జరిగినదని వచ్చినవాడు కంగారుపడనక్కరలేదు. ప్రయాణమంటేనే ఎండ, దుమ్ము, ఇరుకు, నిద్రలేమి. వచ్చినవానిమీద వాటి వేడి ఇంకా ఉన్నది. దానిని చల్లార్చేది ఈ పలకరింపు. “ప్రయాణం బాగా జరిగినదా?” అని మనం అడుగుతాము. వారు అడుగుటకంటె ముందే ఊరట చెబుతారు.

మూడవది “కరీబు”. దీనికి “స్వాగతం” అని అర్థం చెబుతారు. తప్పు కాదు. కాని మూలార్థం “దగ్గర”. “కరీబ్” అనే అరబీ మాట ఉర్దూద్వారా మనలో చాలమందికి తెలిసినదే. ఇల్లు బజారుకు దగ్గర అన్నప్పుడు స్వాహిలిలోను ఈ మాటే. “కరీబు వాతు మీఅ” అంటే సుమారు నూరుమంది. మనం “దగ్గర దగ్గర నూరుమంది” అంటాము గదా, సరిగా అదే వాడుక. గుమ్మంలో నిలిచినవానిని “దగ్గరకు రా” అని పిలుచుటే స్వాగతమైనది.

తలుపు దగ్గర దీనికొక క్రమం ఉన్నది. వచ్చినవాడు బయటనే నిలిచి “హోది!” అని పిలువవలెను. అది లోనికి రావచ్చునా అని అనుమతి కోరుట. లోపలినుండి “కరీబు” అన్న జవాబు వచ్చినప్పుడే గడప దాటవలెను. మూడుమార్లు పిలిచినా జవాబు రాకుంటే వెనుదిరుగుట మర్యాద. తలుపు తెరచియున్నదిగదా అని చొరవగా లోనికి పోవుట అక్కడ తప్పు.

భోజనం దగ్గర కూడ ఈ మాట వస్తుంది. తినేవాడు ఎవరైనా తనవైపు వచ్చినప్పుడు “కరీబు” అనకుండ తినడు. ఇది మనస్ఫూర్తిగా అన్నమాటే అయినా, ప్రతిసారీ కూర్చుని తినవలెనని కాదు. ఆకలి లేనివాడు “అసాంతె, నిమెషీబ”, కృతజ్ఞుడను, కడుపు నిండియున్నది, అంటే చాలును. ఏమీ అనక తల త్రిప్పుకొనిపోవుట మాత్రం పిలుపును త్రోసివేసినట్లు. ఇక అతిథి ఎంతకాలం ఉండవచ్చును? దీనికి స్వాహిలిలో ఒక సామెత ఉన్నది: అతిథికి రెండు రోజులు, మూడవనాడు చేతికి పార ఇమ్ము. పెట్టిన ఇంట పొలం పనికి చేయి సాయం చేసేవాడు అతిథిగానుండి ఇంటివాడవుతాడు.

మన తెలుగువారు ప్రత్యేకంగా చేసే పొరపాటు ఒకటి చెప్పవలసియున్నది. “రా” అంటే చనువు, “రండి” అంటే గౌరవం అని మనకు అలవాటు. కరీబు, కరిబూని అనే జంటను చూడగానే రెండవది గౌరవవాచకమని తోస్తుంది. అది నిజం కాదు. “ని” పలువురికి మాత్రమే గుర్తు. ఒంటరిగా వచ్చిన పెద్దమనిషితో “కరిబూని” అంటే, తన వెనుక ఇంకెవరు వచ్చినారా అని ఆయన తిరిగిచూస్తాడు. పెద్దలపట్ల గౌరవం చూపుటకు వేరే పలకరింపు ఉన్నది. చిన్నవారు “షికమో” అంటారు. పాదాలు పట్టుకొంటున్నాను అన్న అర్థంగల మాటనుండి అది వచ్చినదని చెబుతారు. పెద్దవారు “మరహాబ” అని అందుకొంటారు.

ఈ మూడు మాటలూ ఒకచోట ఎట్లు నడుస్తాయో చూతము. దార్ ఎస్ సలామ్ నుండి మొరొగోరొ పట్టణం సుమారు 190 కిలోమీటర్లు. మన కుర్రవాడు తన తోటి ఉద్యోగి ఆహ్వానంమీద సాయంకాలానికి అక్కడి ఇంటికి చేరినాడనుకొందము. బయట నిలిచి “హోది” అంటాడు. లోపలినుండి “కరీబు” అని వినబడుతుంది. లోనికి పోయి ఇంటి పెద్దావిడకు “షికమో” అంటాడు. ఆమె “మరహాబ” అని, వెంటనే “పోలె న సఫారి” అంటుంది. “అసాంతె, నిమెషపోఅ” అని ఇతని జవాబు. ఆమె వంటపనిలో ఉన్నది గనుక ఇతడు కూడ “పోలె న కాజి” అంటే ఆమె ముఖం వికసిస్తుంది. పళ్లెం ముందుకు వచ్చినప్పుడు “కరీబు”. సెలవు తీసుకొనేటప్పుడు “కరీబు తేన”, మళ్లీ రావలెను, “సఫారి న్జేమ” అని సాగనంపుతారు. ఇంత సంభాషణలోను సమాచారమన్నది ఇంచుమించు లేదు. అయినా ఇందులో ఒక్క మాట లోపించినా అక్కడివారికి వెలితిగా తోస్తుంది.

ఈ సంగతులన్నీ మేము ఆ తండ్రిగారికి ముందుగా ఉత్తరంలో వ్రాసినాము. వారు కుమారునికి పంపినారు. కొన్ని వారాలకు మాకు మరల జవాబు వచ్చినది. కుర్రవాడు ముందు తోటి ఉద్యోగిని వద్దకు పోయి “సమహాని” అన్నాడట. ఆమె నవ్వి, ఇంత ఆలస్యమా అన్నదట. తరువాత కాపలాదారు దగ్గరకు పోయి, “నిసమేహె” అని, తనవలన అతడు పడిన మాటకు “పోలె సాన” అని కూడ అన్నాడట. ఆ వృద్ధుడు కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత ప్రక్కనున్న బల్లమీద జరిగి చోటు చేసి, “కరీబు” అన్నాడట.